వచ్చెనుకీ వచ్చాడుకీ మధ్య: డైగ్లోసియా అంటే ఏమిటి?

గోడ మీద 'ఇచ్చట వాహనములు నిలుపరాదు' అని రాసి ఉంటుంది. అది చదివి అర్థం చేసుకోని తెలుగువాడు ఉండడు. అలాగని అదే మాట నోటితో అనేవాడూ ఉండడు. ఆ గోడ యజమాని బయటికొచ్చి మన బండి చూస్తే 'ఇక్కడ పెట్టకండి సార్' అంటాడు తప్ప 'ఇచ్చట నిలుపరాదు' అనడు. బోర్డు రాయించిందీ ఆయనే, అరిచిందీ ఆయనే. రాయడానికి ఒక భాష, మాట్లాడడానికి ఇంకొకటి ఆయన దగ్గర ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో ఎవరూ నేర్పకుండానే తెలుసు.

మన దగ్గర ఇప్పుడిది బోర్డులకీ పెళ్ళిపత్రికలకీ పరిమితమైన ముచ్చట. భాష మొత్తం ఇలాగే రెండుగా చీలి, తరాల తరబడి అలాగే నిలబడిపోతే దాన్ని భాషాశాస్త్రంలో డైగ్లోసియా అంటారు. గ్రీకులో ఆ మాటకి మూలార్థం రెండు నాలుకలు. తెలుగులో దీనికి అందరూ ఒప్పుకున్న మాట ఒకటి స్థిరపడలేదు కాబట్టి ఇక్కడ డైగ్లోసియా అనే రాస్తున్నాను. చదువుతో వచ్చేదాన్ని పైరూపం అనీ, ఇంట్లో వచ్చేదాన్ని వాడుకరూపం అనీ పిలుద్దాం.

ఈ మాటకి ఇప్పుడున్న కచ్చితమైన అర్థం ఇచ్చింది చార్లెస్ ఫెర్గూసన్ అనే అమెరికన్ భాషావేత్త, 1959లో రాసిన ఒక వ్యాసంలో. ఆయన నాలుగు ఉదాహరణలు తీసుకున్నాడు: అరబ్బీ, గ్రీకు, స్విట్జర్లాండ్ జర్మన్, హైతీలో ఫ్రెంచి పక్కన బతికే క్రియోల్. ఆయన చెప్పిన లక్షణాలు తొమ్మిదున్నాయి గానీ, అసలు ప్రాణం ఒక్కదానిలో ఉంది. పైరూపాన్ని ఆ సమాజంలో ఎవరూ ఇంట్లో మాట్లాడరు. అది ఏ తల్లీ పిల్లకి ఉగ్గుతో పట్టే భాష కాదు. పండితుడైనా, మంత్రైనా, కూలీ అయినా ముందు నేర్చేది వాడుకరూపమే. పైరూపం బడిలో, సూత్రాలు బట్టీపట్టి, తప్పులు దిద్దించుకుని నేర్చుకోవాల్సిందే.

మామూలు యాసల గొడవకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. ప్రామాణిక భాష, యాసలు అన్నప్పుడు ఆ ప్రామాణిక భాష ఎక్కడో ఒకచోట కొందరి ఇంటి మాట అయి ఉంటుంది. డైగ్లోసియాలో అది ఎవరి ఇంటి మాటా కాదు. రెండు భాషలొచ్చినవాళ్ళ సంగతి కూడా వేరే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేవాడికి అవి రెండు వేర్వేరు భాషలని తెలుసు. డైగ్లోసియాలో ఉన్నవాడు మాత్రం రెండింటినీ ఒకే భాష అనుకుంటాడు, ఒకటి 'అసలుది', ఇంకొకటి 'పాడైనది' అని. చాలామంది చదువుకున్నవాళ్ళు తాము వాడుకరూపం మాట్లాడుతున్నామని కూడా ఒప్పుకోరని ఫెర్గూసన్ రాశాడు.

కైరోలో కొట్టువాడు వచ్చినవాణ్ణి 'ఏం కావాలి' అని అడగాలనుకోండి. పుస్తకాల అరబ్బీలో అది 'మాజా తురీద్'. ఆయన అనేది మాత్రం 'ఆవిజ్ ఏ'. రెండింటిలో ఒక్క మాట కూడా కలవలేదు. పైగా పుస్తకంలో ప్రశ్నమాట ముందుంది, నోట్లో చివరికి వెళ్ళింది. వార్తలు చదివేవాడు, మసీదులో ప్రసంగించేవాడు మొదటిది వాడతారు. అదే వార్తలు చదివినాయన స్టూడియో బయట టీ తాగుతూ రెండోదే మాట్లాడతాడు. తారుమారు చేస్తే ఏమవుతుంది? బజారులో పుస్తకాల అరబ్బీ మాట్లాడితే జనం నవ్వుతారు. మసీదులో ప్రసంగం బజారు అరబ్బీలో చేస్తే కోప్పడతారు. ఎక్కడ నవ్వొస్తుందో ఎక్కడ కోపమొస్తుందో గమనించడం, డైగ్లోసియా ఉందో లేదో తేల్చుకోవడానికి చాలా మంచి పరీక్ష.

మన సంతకెళ్ళి చూద్దాం

నూటయాభై ఏళ్ళ కిందట తెలుగుకి ఇదే స్థితి. అప్పటి పైరూపం పేరు గ్రాంథికం. దానికి పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంతో గట్టి పునాది వేశాడు. ఆ సూత్రాల ప్రకారం ఒక మామూలు సంగతి రాస్తే ఇలా ఉంటుంది:

'నేను నిన్న సంతకుఁ బోయి బియ్యము గొంటిని. మా తమ్ముఁడు రాలేదు. వాఁడు వచ్చినచో మఱియొక బస్తా తెచ్చియుందుము.'

అదే నోటితో చెబితే:

'నేను నిన్న సంతకెళ్ళి బియ్యం కొన్నాను. మా తమ్ముడు రాలేదు. వాడొస్తే ఇంకో బస్తా తెచ్చేవాళ్ళం.'

రెండోదానిలో ఒక్క సంస్కృతం మాటా లేదు. మొదటిదానిలోనూ లేదు. గ్రాంథికం అంటే సంస్కృత పదాల మోత అనుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. తేడా ఉన్నది పదాల బరువులో కాదు, వాటికి తగిలించే తోకల్లోనూ వాటి మధ్య అతుకుల్లోనూ. కొంటిని, కొన్నాను. వచ్చినచో, వస్తే. తెచ్చియుందుము, తెచ్చేవాళ్ళం. బియ్యము, బియ్యం. క్రియల్లో 'రాలేదు' ఒక్కటే రెండు చోట్లా చెక్కుచెదరకుండా ఉంది.

'సంతకుఁ బోయి'లో పోయి అన్నది బోయి ఎందుకైందో చూడండి. 'కు' అనే విభక్తి చివర పాత తెలుగులో ఒక నకారం ఉండేది. వ్యాకరణంలో దాన్ని ద్రుతం అంటారు. ద్రుతం ఉన్న మాట తర్వాత పరుషాలనే క చ ట త ప లు వస్తే అవి సరళాలనే గ జ డ ద బ లు అవుతాయి, ఆ నకారం అరసున్నగా మిగులుతుంది. 'బియ్యము గొంటిని'లో కకారం గకారమైంది గానీ దాని కారణం ఇది కాదు. అక్కడ ద్రుతమే లేదు. ప్రథమావిభక్తి మీది పరుషాలకి గ స డ ద వ లు వస్తాయనే వేరే సూత్రం పనిచేసింది, అదీ వికల్పంగా. అంటే 'బియ్యము కొంటిని' అన్నా తప్పు కాదు, 'సంతకు పోయి' అంటే మాత్రం తప్పు. చెవికి ఒకేలా వినిపించే రెండు మార్పులకి రెండు సూత్రాలు, ఒకటి తప్పనిసరి, ఇంకొకటి ఐచ్ఛికం. పదేళ్ళ పిల్లాడికి ఇది తన నోటి నుంచి తెలిసే అవకాశమే లేదు. ఆ నకారం ఎవరి నోట్లోనూ బతికి లేదు కాబట్టి ఏ మాటకి ద్రుతం ఉందో, దేనికి లేదో జాబితా కంఠస్థం చేయాల్సిందే.

అరసున్నా అంతే. 'ఏడు' అని రాస్తే అంకె, 'ఏఁడు' అని రాస్తే సంవత్సరం. పలికేటప్పుడు రెండూ ఒకటే. రాసేటప్పుడు మరిచిపోతే మార్కు పోతుంది.

ఇక క్రియలు. గ్రాంథికంలో భూతకాలం ఇలా నడుస్తుంది: నేను వచ్చితిని, మేము వచ్చితిమి, నీవు వచ్చితివి, మీరు వచ్చితిరి, వారు వచ్చిరి. వాఁడు వచ్చెను, అది వచ్చెను. ఈ చివరి రెండూ మళ్ళీ చదవండి. మనిషి వచ్చినా ఆవు వచ్చినా 'వచ్చెను' ఒక్కటే. వాడుకలో వాడైతే వచ్చాడు, అదైతే వచ్చింది. వాడుకభాషంటే సోమరిపోతులు అరగదీసిన భాష అనేవాళ్ళకి ఇది కొరుకుడుపడని సంగతి. ఇక్కడ ఎక్కువ తేడా చూపించేది నోటి మాటే.

'వచ్చాడు' ఎక్కణ్ణుంచి వచ్చింది? 'వచ్చిన వాడు' నుంచి. అది కుదించుకుని వచ్చినాడు, తర్వాత వచ్చాడు అయింది. రాయలసీమలో ఇవాళ్టికీ వచ్చినాడు అంటారు. తెలంగాణలో వచ్చిండు అంటారు. కోస్తాలో వచ్చాడు, కొన్నిచోట్ల వచ్చేడు. ఇవన్నీ ఒకే కొమ్మకి పూసిన పూలు. 'వచ్చెను' అన్న నిండు రూపం మాత్రం ఏ ప్రాంతపు రోజువారీ మాటలోనూ వినిపించదు. యాసల తేడాకీ డైగ్లోసియాకీ మధ్య గీత ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి నాకు తట్టదు. యాసలు ఒకదానికొకటి పక్కపక్కన ఉన్నాయి. గ్రాంథికం వాటన్నిటికీ సమానదూరంలో, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ వెనకటి కావ్యభాషలో ఉండిపోయింది.

గిడుగు తూచిన తూకం

1900ల మొదట్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర బడుల ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. పుస్తకంలో ఒకటుంది, జనం ఇంకొకటి మాట్లాడుతున్నారు, ఇదేమిటని అడిగాడు. విశాఖలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి ఆ ప్రశ్న వెంటపడ్డారు. గిడుగు అప్పటికే లిపి లేని సవర భాషని చెవితో విని, రాసుకుని, వ్యాకరణం వెతుకుతున్న మనిషి. పుస్తకం లేని భాషకీ నియమాలుంటాయని ఆయనకి పని చేస్తూ తెలిసింది. వాడుక తెలుగుకి వ్యాకరణం లేదు అన్నవాళ్ళ మాట ఆయన చెవికి ఎక్కకపోవడానికి కారణం అదే.

ఆయన వాదన తీరు గమనించాలి. గ్రాంథికం కష్టం, పిల్లలకి జాలి చూపండి అని ఊరుకోలేదు. మీకు కూడా గ్రాంథికం రాదు అన్నాడు. గ్రాంథికం కావాలని వాదించిన పండితుల రాతలే తీసుకుని, వాళ్ళ సూత్రాల ప్రకారమే తప్పులు ఎత్తి చూపాడు. ద్రుతం లేని చోట సరళం వేశారు, ఉన్నచోట మరిచిపోయారు, క్రియ ఒక శతాబ్దానిది, సంధి ఇంకో శతాబ్దానిది. ఇంకోవైపు శాసనాలు, పాత వచన గ్రంథాలు తవ్వి, గద్యం రాసినప్పుడు పూర్వులు కూడా వాడుకరూపాల్ని తప్పించుకోలేదని చూపాడు. చిన్నయసూరి సూత్రాలు పద్యాల్నుంచి తీసినవి. ఆ కొలతతో వచనం రాయమనడం అసలు పాత ఆచారమే కాదని ఆయన తేల్చింది.

అవతలి పక్షం మూర్ఖులు కారు. జయంతి రామయ్య పంతులు ముందుండి నడిపించగా 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంది: వాడుక అంటున్నారు, ఎవరి వాడుక? గంజాం వాళ్ళదా, నెల్లూరు వాళ్ళదా, కడప వాళ్ళదా? గ్రాంథికం ఎవరిదీ కాదు కాబట్టే అందరిదీ. పైరూపాన్ని కాపాడేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడైనా చెప్పే రెండు కారణాల్లో ఇదొకటి. రెండోది, పాత సాహిత్యంతో తెగిపోతాం అన్న భయం.

'ఎవరి వాడుక' అన్నదానికి గిడుగు పక్షం జవాబు శిష్టవ్యావహారికం. చదువుకున్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే భాష. ఆ జవాబుతో ఒక చిక్కు తీరింది, ఇంకో చిక్కు పడింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మద్రాసు విశ్వవిద్యాలయం కాంపోజిషన్ ఏ భాషలో ఉండాలో తేల్చడానికి సంఘం వేస్తే, ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. గురజాడ 1914లో తన అసమ్మతిని విడిగా రాసిచ్చాడు. మరుసటి ఏడు నవంబరులో చనిపోయాడు. ప్రభుత్వం కూడా వెనక్కి తగ్గింది. అంటే కాగితం మీద వ్యావహారికం ఓడిపోయింది. 1919లో గిడుగు 'తెలుగు' అనే పత్రిక పెట్టి పోరు సాగించాడు. అదే ఏడు వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే, జీవితంలో ఎక్కువ భాగం గ్రాంథికంలో రాసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడయ్యాడు.

ఓడిన పక్షం తర్వాత గెలిచింది సర్కారు ఉత్తర్వుతో కాదు. కథలు, నాటకాలు, దినపత్రికలు, రేడియో, సినిమా ఒక్కొక్కటే వాడుకలోకి జారుకున్నాయి. 1930ల్లో తాపీ ధర్మారావు పత్రికని వాడుకభాషలో నడిపి చూపించాడు. కొనేవాడికి అర్థం కాకపోతే కాపీ అమ్ముడుపోదు, అంతే. పాఠ్యపుస్తకాలూ పరీక్షలూ అన్నిటికన్నా చివర వచ్చాయి, స్వాతంత్య్రం వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళకి.

అరవంలో ఎందుకు పోలేదు

మద్రాసులో ఇదంతా జరుగుతున్నప్పుడు అదే ఊళ్ళో తమిళానికి కూడా రెండు రూపాలున్నాయి. నూరేళ్ళు గడిచాయి. తెలుగులో గ్రాంథికం పోయింది. తమిళంలో పైరూపం నిలబడే ఉంది. చెన్నైకి ఉద్యోగానికి వెళ్ళి, పుస్తకం కొనుక్కుని తమిళం నేర్చుకున్న తెలుగువాళ్ళకి ఇది మొదటి వారంలోనే తగులుతుంది.

పుస్తకం చెప్పేది: 'నాన్ వీట్టిర్కుచ్ చెల్గిరేన్', నేను ఇంటికి వెళ్తున్నాను. ఆటోవాడితో అది అంటే వాడు ఒక్క క్షణం మొహం చూసి నవ్వుతాడు. ఎందుకంటే వాడు అనేది 'నా వీట్టుక్కు పోరేన్'. వాళ్ళు వచ్చారు అనడానికి పుస్తకంలో 'అవర్గళ్ వందార్గళ్', వీధిలో 'అవంగ వందాంగ'. నీళ్ళు కావాలంటే పుస్తకంలో 'తణ్ణీర్ వేండుమ్', వీధిలో 'తణ్ణి వేణుమ్'. టీవీలో వార్తలు మొదటి భాషలో చదువుతారు. అదే వార్తలో రోడ్డు మీద ఎవరినైనా అడిగితే రెండోదానిలో చెబుతారు. నవలలో రచయిత కథనం మొదటిది, పాత్రల మాటలు రెండోది. చెన్నైలో ఏ ఇంట్లోనూ పిల్లలతో 'వందార్గళ్' అనరు. కాబట్టి మన పరీక్షలో తమిళం ఇవాళ్టికీ పాసవుతుంది. అక్కడికెళ్ళేవాళ్ళు వ్రాత తమిళం, మాట తమిళం విడివిడిగా నేర్చుకోవడం మేలు. బోర్డులకి ఒకటి, బేరానికి ఒకటి.

రెండూ ద్రావిడ భాషలే, ఒకే రాజధాని, ఒకే ప్రభుత్వం, రెండింట్లోనూ వందల ఏళ్ళ పాత సాహిత్యం. మరి తేడా ఎక్కడొచ్చింది? రెండు రూపాల మధ్య దూరం చాలా ఎక్కువైతే పైరూపం కూలిపోతుందని అనుకోవడం సహజం. కానీ అరబ్బీలో దూరం ఇంకా ఎక్కువ, అది కూలలేదు. నాకు కనిపించే కారణం వేరే. పైరూపం ఎవరి చేతిలో ఉంది, వాళ్ళు దేనికి వాడుతున్నారు అన్నదే.

తెలుగులో గ్రాంథికం చేతిలో పట్టుకున్నది ఛాందసులని పేరు పడ్డవాళ్ళు. సంఘసంస్కరణ కోరినవాళ్ళు, కన్యాశుల్కం లాంటి దురాచారాల మీద రాసినవాళ్ళు వాడుకభాష వైపు చేరారు. కొత్తదనం అంతా ఒకవైపు పోగైంది. తమిళంలో దీనికి తలకిందులుగా జరిగింది. 1916లో మరైమలై అడిగళ్ మొదలుపెట్టిన తనిత్తమిళ ఉద్యమం పైరూపంలోంచి సంస్కృతాన్ని ఏరేసి దాన్ని 'మన స్వచ్ఛమైన తమిళం'గా నిలబెట్టింది. తర్వాత ద్రావిడ ఉద్యమం దాన్ని వేదిక మీదికి ఎక్కించింది. అణ్ణాదురై ప్రాసలతో సాగే ఉపన్యాసాలు వాడుక తమిళంలో కావు, పైరూపంలోనే. ఆ రూపం విని కూలివాడు కూడా ఇది నా గౌరవం అనుకున్నాడు. సంస్కరణ కోరేవాళ్ళే పైరూపాన్ని తమ జెండా చేసుకుంటే దాన్ని కూల్చేవాడు ఎవడు?

గ్రీకు కథ ఇదే మాటని ఇంకోవైపు నుంచి చెబుతుంది. అక్కడి పైరూపం కథరెవూసా, అంటే శుద్ధి చేసినది. వాడుకరూపం దిమోతికీ, జనానిది. 1901లో ఒక ఏథెన్స్ పత్రిక బైబిలు సువార్తని వాడుక గ్రీకులో అచ్చు వేస్తే వీధుల్లో అల్లర్లు జరిగి ఎనిమిది మంది చనిపోయారు, ప్రభుత్వం రాజీనామా చేయాల్సి వచ్చింది. మన గ్రాంథిక పోరులో ఎవరికీ రక్తం కారలేదు, సంతోషించాలి. 1967లో అధికారం లాక్కున్న సైనిక నియంతలు కథరెవూసాని నెత్తిన పెట్టుకున్నారు. 1974లో వాళ్ళు కూలిపోయేసరికి ఆ భాషకి వాళ్ళ మకిలి అంటుకుని ఉంది. 1976లో బడుల్లో దిమోతికీ వచ్చేసింది. 1982లో, పలుకులో ఎప్పుడో పోయి రాతలో మాత్రం మిగిలిన పాత స్వరచిహ్నాల్ని కూడా తీసేసి ఒక్కదాన్ని ఉంచారు. అరసున్న పోయినట్టే.

ఫెర్గూసన్ తన వ్యాసం చివర రెండు వందల ఏళ్ళ తర్వాత ఈ నాలుగు భాషలు ఎలా ఉంటాయో ఊహించి రాశాడు. గ్రీకులో ఏథెన్స్ వాడుక మీద, పైరూపం పదాలు బాగా కలిసిన ఒకే భాష ఏర్పడుతుందన్నాడు. రెండు వందలు అక్కర్లేకపోయింది, పదిహేడేళ్ళకే ప్రభుత్వం ఆ దారి పట్టింది. ఆ వర్ణన తెలుగుకీ సరిగ్గా సరిపోతుంది. మన దినపత్రికలో 'ముఖ్యమంత్రి పేర్కొన్నారు', 'మంత్రి వెల్లడించారు' అని ఉంటుంది. ఇంట్లో ఎవరూ 'అమ్మ పేర్కొంది' అనరు. అయినా ఇది డైగ్లోసియా కాదు. పేర్కొనడం, వెల్లడించడం పైనుంచి వచ్చిన పదాలు, కానీ చివర ఉన్న 'న్నారు', 'చారు' వీధిలోవి. ఒక పేజీని పరీక్షించాలంటే నామవాచకాల్ని వదిలేసి క్రియల తోకలు మాత్రం చూడండి, చాలు.

మరి తెలంగాణ సంగతి?

బడి పుస్తకంలో 'చేశాడు', ఇంట్లో 'చేసిండు' ఉంటే అది డైగ్లోసియా కాదా అని చాలామంది అడుగుతారు. కాదు, కానీ కాదని చెప్పి దాటేసే విషయమూ కాదు.

ముందు చరిత్ర చూడాలి. గ్రాంథిక పోరు మద్రాసు రాష్ట్రంలో జరిగింది. నిజాం రాజ్యంలో తెలంగాణ ఉన్నప్పుడు కచేరీలో, పై చదువులో పైస్థానం గ్రాంథిక తెలుగుది కాదు, ఉర్దూది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధించింది ఉర్దూలోనే. పై అవసరాలకి ఒక భాష, ఇంటికి పూర్తిగా ఇంకో భాష ఉండడాన్ని కూడా డైగ్లోసియా అనవచ్చని జాషువా ఫిష్‌మన్ 1967లో ప్రతిపాదించాడు. ఆ అర్థంలో తెలంగాణకి అనుభవమైంది వేరే డైగ్లోసియా.

రాష్ట్రాలు కలిసేనాటికి అచ్చులో నిలదొక్కుకున్నది శిష్టవ్యావహారికం. ఆ శిష్టులు ఎవరు? పత్రికలు, ప్రచురణ, సినిమా ఎక్కువగా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు. అది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న ఇళ్ళ మాట. జయంతి వారి పాత ప్రశ్న, ఎవరి వాడుక అన్నది, ఇక్కడ తిరిగొచ్చి తగిలింది. డైగ్లోసియా ఉన్నచోట పైరూపం అందరికీ పరాయిది, కాబట్టి అందరి పిల్లలూ బడిలో దాదాపు ఒకే కష్టం పడతారు. డైగ్లోసియా పోయి ఒక ప్రాంతపు వాడుక పైకెక్కిన చోట తెనాలి పిల్లకి పుస్తకం ఇంటి మాటలా ఉంటుంది, నల్లగొండ పిల్లకీ పలాస పిల్లకీ అనంతపురం పిల్లకీ ఉండదు. అనంతపురం పిల్ల 'వచ్చినాడు' అని రాస్తే పంతులు 'వచ్చాడు' అని దిద్దుతాడు, ఆ పిల్ల రాసినదే పాత రూపమైనా సరే.

గ్రాంథికం మిగిలిన చోట్లు చిన్నవి, కానీ అక్కడ జరిగే తప్పులు చూస్తే అది నిజంగా ఎవరి భాషా కాదని తెలిసిపోతుంది. కాస్త గంభీరంగా ఉండాలని 'నేను ఈ సభకు వచ్చెను' అని రాస్తారు. వచ్చెను ప్రథమ పురుష రూపం, నేనుకి వచ్చితిని రావాలి. 'అతిథులు విచ్చేసెను' అంటారు, విచ్చేసిరి అనాలి. 'వచ్చెను' వినడానికి గ్రాంథికంలా ఉంది కాబట్టి ఎక్కడ పడితే అక్కడ అదే అతికిస్తారు. సొంత భాషలో ఇలాంటి తప్పు ఎవరూ చేయరు. 'నేను వచ్చాడు' అని మూడేళ్ళ పిల్లాడంటే మనం నవ్వి దిద్దుతాం, ఐదో ఏటికి ఆ తప్పు పోతుంది. 'నేను వచ్చెను' మాత్రం పట్టా పుచ్చుకున్నవాళ్ళ ఆహ్వానపత్రికల్లో అలాగే అచ్చవుతుంది, చదివేవాడికీ తప్పని తోచదు.

వాడుకరూపానికి రాత అలవాటు లేకపోతే వచ్చే ఇబ్బంది ఇంకొకటి. కోస్తాలో 'వచ్చాడు' అన్నప్పుడు పలికే అచ్చు ఆ కాదు, ఏ కాదు, రెండింటికీ నడుమది. దానికి మన లిపిలో అక్షరం లేదు. అందుకే మొదట్లో వాడుకలో రాసినవాళ్ళు ఒకరు వచ్చాడు, ఒకరు వచ్చేడు, ఒకరు వచ్చ్యాడు అని రాశారు. అచ్చులో అది సర్దుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఇవాళ జూరిక్‌లో కుర్రాళ్ళు ఫోన్లలో స్విస్ జర్మన్‌లో సందేశాలు రాసుకుంటున్నారు, ఒక్కొక్కరు ఒక్కోలా. అరబ్బు కుర్రాళ్ళు వీధి అరబ్బీని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తూ, ఆ అక్షరాల్లో లేని గొంతు శబ్దాలకి 3, 7 అంకెలు పెడుతున్నారు. పైరూపం బడిలోనూ మసీదులోనూ వార్తల్లోనూ చెక్కుచెదరలేదు. రాత మాత్రం దాని సొత్తుగా ఇక లేదు.